యాభై కోళ్లకు మొదటి గుడ్డు వచ్చేదాకా ఎంతవుతుంది?

ప్రశ్న: అనంతపురం దగ్గర పల్లెలో ఇంటి వెనక కొంచెం జాగా ఉంది. ఒక యాభై కోళ్లు పెడదామనుకుంటున్నా. షెడ్డు, దాణా, టీకాలు అన్నీ కలిపి మొదట ఎంత పెట్టాలి? తర్వాత నెలకు ఎంతవుతుంది?

జవాబు: మాది తాడిపత్రి పక్క పల్లె. మొదటిసారి పెట్టినప్పుడు షెడ్డుకూ పిల్లలకూ డబ్బు సర్దుకుని దిగాను. గుడ్డు పెట్టేదాకా దాణా ఎవరు పెడతారో ఆలోచించలేదు. మూడో నెలలో చెనక్కాయల వ్యాపారి దగ్గర అప్పు చేయాల్సి వచ్చింది. కింద చెప్పేది నిరుడు పెట్టిన 50 వనరాజా జాతి పిల్లల లెక్క. ధరలు మా దగ్గరివి, మీకు కొంచెం అటూ ఇటూ అవుతాయి.

పగలు కోళ్లు బయట తిరుగుతాయి కాబట్టి షెడ్డు రాత్రి పడకకే. పది అడుగులకు పన్నెండు కట్టాను, కోడికి రెండు చదరపు అడుగుల పైనే చోటు వస్తుంది. బండల ఫ్యాక్టరీలో పక్కన పడేసిన విరిగిన బండలు తెచ్చి మోకాలి ఎత్తు దాకా నిలబెట్టి, పైన జాలీ కొట్టించాను. బండలు, ఆటో బాడుగ, సిమెంటు రేకులు, జాలీ, కర్రలు, కూలి అన్నీ కలిపి 17,000 అయింది. పొడుగు వైపు తూర్పు పడమరలకు పెట్టండి, ఎండ నేరుగా లోపలికి పడదు. మన ఎండలకు వట్టి రేకు కింద కోడి బతకదు, ఏప్రిల్‌లో రేకుల మీద బోదగడ్డి పరచాల్సిందే. గిన్నెలు, నీళ్ల డబ్బాలు, బల్బులకు 2,000. పిల్లలు ఒక్కొక్కటి 30 చొప్పున 1,500. అంటే దాణా కొనకముందే 20,500.

మొదటి మూడు వారాలు బల్బు వేడి కావాలి. పిల్లలన్నీ బల్బు కింద ముద్దగా చేరితే చలి వేస్తున్నట్టు, దూరంగా పోయి నోరు తెరిచి రొప్పుతుంటే వేడి ఎక్కువైనట్టు. చూసి బల్బు ఎత్తు మార్చాలి. నాకు ఈ దశలో ఆరు పోయాయి, 44 మిగిలాయి.

ఎనిమిది వారాల వరకు పిల్లకు దగ్గర దగ్గర రెండు కేజీల కంపెనీ దాణా పడుతుంది. రెండు బస్తాలు, 4,200. ఇక్కడ పిసినారితనం చేయకండి, ఈ వయసులో గిడసబారితే మళ్లీ కోలుకోవు. తర్వాత బయట ఏరుకు తింటాయి కాబట్టి రోజుకు 60 గ్రాములు ఇస్తే చాలు. 44 కోళ్లకు నెలకు 79 కేజీలు. మొక్కజొన్న నూక, తవుడు, సోయా చెక్క కలుపుకుంటే కేజీ 30 పడింది, నెలకు 2,370. మూడు నెలలకు 7,100. చెనక్కాయ చెక్క చవకగా దొరుకుతుందని వేయాలనిపిస్తుంది, కానీ తేమ తగిలి బూజు పట్టినది వేస్తే కాలేయం దెబ్బతింటుంది. కొంచెం వాసన తేడా ఉన్నా వద్దు.

టీకాల ఖర్చు చిన్నది, నష్టం పెద్దది. మేరెక్స్ టీకా హ్యాచరీలోనే వేశారా అని అడిగి తీసుకోండి. ఏడో రోజు కొక్కెర రోగానికి లసోటా కంట్లో చుక్క, పద్నాలుగో రోజు గంబోరో, నాలుగో వారం మళ్లీ లసోటా, ఆరో వారం మశూచికి, ఎనిమిదో వారం మళ్లీ కొక్కెర రోగానికే ఆర్‌టూబీ సూది. సీసా కనీసం వంద డోసులది వస్తుంది, కలిపాక రెండు గంటల్లో అయిపోవాలి. అందుకే మా పక్కింటి మామ, నేను ఒకే రోజు వేయించి సగం సగం పంచుకుంటాం. మందులతో కలిపి నా వాటా 900.

మొదటి బ్యాచ్‌లో ఈ ఆర్‌టూబీ సీసాను మే నెలలో ఐసు లేకుండా బండి డిక్కీలో తెచ్చాను. టీకా వేశాననే ధీమాతో ఉన్నాను. నెల తిరక్కుండానే పచ్చగా, తెల్లగా పారడం మొదలైంది, రెండు కోళ్లు మెడ వంకర తిప్పుకుని వెనక్కి నడిచాయి. వారంలో 17 పోయాయి. ఆ తర్వాత ఐసు వేసిన ఫ్లాస్కు లేకుండా టీకాకు పోలేదు.

మళ్లీ నిరుటి లెక్కకు వస్తే, ఐదు నెలలకు నా చేతి నుంచి పోయింది 32,700. అప్పుడు 20 పుంజులు తలా 500కు అమ్మితే పదివేలు తిరిగొచ్చింది. మిగిలినవి 22 పెట్టలు, రెండు పుంజులు. వాటికి రోజుకు 80 గ్రాముల లెక్కన దాణా 1,740, కరెంటు, పొట్టు, నట్టల మందు కలిపి మరో 250. నెలకు రెండు వేలు అనుకోండి.

పెట్టలు ఆరో నెలలో మొదలుపెట్టాయి. నెలకు రెండు వందల గుడ్లు వస్తాయి, పది రూపాయల లెక్కన రెండు వేలు. గుడ్ల డబ్బు దాణాకే సరి, నాకు మిగిలేది పుంజుల మీదే. మీకు గుడ్లే ముఖ్యమైతే గ్రామప్రియ పిల్లలు అడగండి, అవి గుడ్లు ఎక్కువ పెడతాయి, కాకపోతే పుంజులు అంత బరువు రావు.