మోకాలు వాచకముందే ఫ్యాక్టర్ ఎందుకు?

ప్రశ్న: మా బాబుకు ఆరేళ్లు, 20 కిలోల బరువు. హిమోఫీలియా-ఎ అని, ఫ్యాక్టర్ 8 ఒక శాతం కన్నా తక్కువుందని రిపోర్టు ఇచ్చారు. దెబ్బేమీ తగలకుండానే కుడి మోకాలు నెల, నెలన్నరకోసారి వాస్తోంది. ఫ్యాక్టర్ ఎక్కిస్తే తగ్గిపోతోంది. ఇప్పుడు పెద్దాసుపత్రిలో వాపు లేకపోయినా వారానికి మూడుసార్లు వేయించమంటున్నారు. రక్తం కారనప్పుడు మందెందుకు? పిల్లాణ్ని ఊరికే పొడిపించినట్టు కాదా?
- ఒక తల్లి, ఖమ్మం జిల్లా

జవాబు: తప్పకుండా వేయించండి. ఆరు నెలల్లో ఒకే కీలులో మూడుసార్లు, అంతకన్నా ఎక్కువ రక్తం కారితే దాన్ని మేం ‘టార్గెట్ జాయింట్’ అంటాం. మీరు చెప్పిన లెక్కన బాబు కుడి మోకాలు ఇప్పటికే ఆ దశకు చేరింది.

రక్తనాళం చిట్లితే ముందు ప్లేట్‌లెట్లు పోగుపడి చిల్లును తాత్కాలికంగా మూస్తాయి. తర్వాత ఫైబ్రిన్ అనే దారాలు అల్లుకుని ఆ మూతను గట్టిపరుస్తాయి. బాబులో ప్లేట్‌లెట్లు సరిగానే ఉన్నాయి, లేనిది దారాలు అల్లుకోవడానికి కావలసిన ఫ్యాక్టర్ 8. అందుకే చర్మం గీసుకుపోతే అందరికీ ఆగినట్టే ఆగుతుంది. ‘చిన్న గాయమైతే చాలు, ప్రాణం పోతుంది’ అని చుట్టుపక్కలవాళ్లు భయపెడితే పట్టించుకోకండి. అసలు చిక్కు లోపలి గాయాలతోనే. మెత్తటి మూత కొన్ని గంటలకు జారిపోతుంది, రక్తం మళ్లీ మొదలవుతుంది.

మరి మోకాలే ఎందుకు? గడ్డకట్టే ప్రక్రియను రాజేసే ‘టిష్యూ ఫ్యాక్టర్’ అనే పదార్థం చర్మంలో, మెదడులో దండిగా ఉంటుంది. కీలు లోపలి పొరలో అది చాలా తక్కువ. కాబట్టి కీలులో రక్తం ఆగాలంటే భారమంతా ఫ్యాక్టర్ 8, 9ల మీదే. పైగా ఆ పొర నిండా సన్నటి రక్తనాళాలు. పిల్లాడు గెంతినా, గొంతుక్కూర్చుని లేచినా ఆ పొర ఎముకల మధ్య నలుగుతుంది. మామూలు పిల్లల్లో ఆ చిట్లడం తెలియకుండానే మూసుకుపోతుంది. మీ బాబులో అదే వాపుగా బయటపడుతోంది. మోకాలు, చీలమండ, మోచెయ్యి ఎక్కువగా దెబ్బతినేది ఇందుకే.

వాపు తగ్గింది అంటే కీలు మునుపటిలా అయిందని కాదు. చేరిన రక్తాన్ని లోపలి పొరే పీల్చుకుంటుంది. నీరు పోతుంది గానీ, రక్తంలోని ఇనుము ఆ పొరలోనే దిగబడిపోతుంది. దాంతో పొర రేగి మందమవుతుంది, అందులో కొత్తగా నాజూకు రక్తనాళాలు పుడతాయి. మందమైన పొర ఎముకల మధ్య ఇంకాస్త సులువుగా నలుగుతుంది, మళ్లీ రక్తం. మీరు చూస్తున్న ‘నెలకోసారి’ వెనక జరుగుతున్నది ఇదే. ఈలోగా ఎముకల చివర ఉండే మృదులాస్థి, మనవాళ్లు గుజ్జు అనేది, అదే ఇనుము వల్ల, ఆ మంట వల్ల తినేసినట్టవుతుంది. దానికి సొంత రక్తనాళాలు లేవు, పోయినది తిరిగి రాదు.

2007లో అమెరికా వైద్యులు వెల్లడించిన ఒక అధ్యయనం ఈ విషయాన్ని తేల్చింది. రెండున్నరేళ్ల లోపు మగపిల్లల్లో కొందరికి రోజు విడిచి రోజు ఫ్యాక్టర్ ఇచ్చారు, మిగతావారికి రక్తం కారినప్పుడు మాత్రమే, అదీ గట్టి డోసులో ఇచ్చారు. ఆరేళ్లు వచ్చేసరికి ఎమ్మారై తీస్తే మొదటి గుంపులో 93 శాతం పిల్లల కీళ్లు చెక్కుచెదరలేదు. రెండో గుంపులో అలా ఉన్నది 55 శాతమే. వాచాక ఎంత బాగా మందిచ్చినా అప్పటికే కొంత చేటు జరిగిపోతుందన్నమాట.

ఇక డోసు లెక్క. కిలోకు ఒక యూనిట్ ఇస్తే రక్తంలో ఫ్యాక్టర్ 8 దాదాపు 2 శాతం పెరుగుతుంది. 20 కిలోల బాబుకు 500 యూనిట్ల వయల్ అంటే కిలోకు 25, లెవెల్ 50 శాతానికి ఎక్కుతుంది. సుమారు 12 గంటలకోసారి అది సగమవుతుంది: 25, 12, 6, రెండు రోజులు పూర్తయ్యేసరికి 3. ఒక శాతం పైన ఉన్నంత సేపు తనంతట తాను రక్తం కారడం బాగా తగ్గుతుంది. మనకు కావలసింది అదే, నూరు శాతం కాదు. ప్రభుత్వాసుపత్రిలో 250 యూనిట్లే ఇచ్చినా దిగులు పడకండి. 25 దగ్గర మొదలై రెండో రోజు చివరికి ఒకటిన్నర దగ్గర ఉంటుంది. పెద్ద డోసు ఎప్పుడో ఒకసారి ఇచ్చేకన్నా చిన్న డోసు తప్పకుండా ఇవ్వడమే మేలు. కొందరు పిల్లల్లో ఫ్యాక్టర్ ఇంకా త్వరగా, ఎనిమిది తొమ్మిది గంటలకే సగమవుతుంది. అలాంటప్పుడు డాక్టర్ రక్తపరీక్ష చూసి రోజులు మారుస్తారు.

సోమ, బుధ, శుక్రవారాల్లో వేయిస్తే ఇబ్బంది ఆదివారంతోనే. శుక్రవారం పొద్దున ఇచ్చిన 500 ఆదివారం సాయంత్రానికి ఒకటిన్నర శాతానికి దిగుతుంది. 250 అయితే ఒకటి కన్నా కిందికే. పిల్లలు తెగ ఆడేది మాత్రం అప్పుడే! మీ డాక్టర్‌తో మాట్లాడి మూడో డోసును శనివారానికి జరపగలరేమో అడగండి. ఏ రోజైనా పొద్దున్నే ఆటకు ముందు వేయించండి, రాత్రి వేస్తే మంచి భాగమంతా నిద్రలో కరిగిపోతుంది. మందు ఫ్రిజ్‌లో ఉంచండి, గడ్డకట్టే అరలో కాదు. కలిపేటప్పుడు సీసాను గిలక్కొట్టొద్దు, అరచేతుల మధ్య మెల్లగా తిప్పండి. సూది తీశాక ఐదు నిమిషాలు అదిమి పట్టాలి, రుద్దకూడదు.

మధ్యలో మళ్లీ రక్తం కారితే వాపు కోసం ఎదురుచూడొద్దు. అంతకన్నా ముందే పిల్లాడు కాలు పూర్తిగా చాపడు, మెట్టెక్కేటప్పుడు మంచి కాలే ముందు పెడతాడు, కీలు వెచ్చగా తగులుతుంది, కాస్త పెద్ద పిల్లలైతే లోపల జివ్వుమంటోందంటారు. సాధ్యమైతే రెండు గంటల్లోపు, వంతు రోజు కాకపోయినా, 40 నుంచి 60 శాతం లెవెల్ వచ్చేలా 400-600 యూనిట్లు పడాలి. గుడ్డలో చుట్టిన ఐస్ పావుగంట పెట్టి, నడిపించకుండా పడుకోబెట్టండి. కాపడం, నూనె మర్దన వద్దే వద్దు, రక్తం ఇంకా ఎక్కువవుతుంది. నొప్పికి పారాసిటమాల్ చాలు. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ ప్లేట్‌లెట్లను కూడా పని చేయనివ్వవు, అప్పుడు ఉన్న ఆ ఒక్క మూతా పోతుంది.

ఎప్పుడూ పనిచేసే డోసుకే ఈసారి వాపు దిగకపోతే ఇంట్లో డోసు పెంచుకుంటూ పోవద్దు. శరీరం ఎక్కించిన ఫ్యాక్టర్‌ను శత్రువనుకుని ‘ఇన్‌హిబిటర్లు’ తయారు చేస్తోందేమో బెథెస్డా పరీక్షతో చూడాలి. తీవ్రమైన హిమోఫీలియా-ఎ ఉన్న పిల్లల్లో దాదాపు పావు వంతు మందిలో, ఎక్కువగా మొదటి 50 డోసుల లోపే ఇది వస్తుంది. అప్పుడు ఎమిసిజుమాబ్ అనే ఇంజెక్షన్ బాగా పనికొస్తుంది. ఇన్‌హిబిటర్లు లేకపోయినా వాడొచ్చు. ఇది చర్మం కింద వేసేది, మొదట నెలపాటు వారానికోసారి, తర్వాత రెండు లేదా నాలుగు వారాలకోసారి. నరం దొరకని పిల్లలకు పెద్ద ఊరట, కాకపోతే ఖరీదు చాలా ఎక్కువ. అది రక్తం కారకుండా కాపాడుతుందే గానీ, అప్పటికే కారుతున్నదాన్ని ఆపదు. అందుకోసం ఫ్యాక్టర్ ఇంట్లో ఉండాల్సిందే.

ఈసారి వెళ్లినప్పుడు కుడి మోకాలికి అల్ట్రాసౌండ్ తీయించమని అడగండి. పొర మందం అందులో తెలుస్తుంది. నొప్పి లేకుండా, మెత్తగా స్పంజిలా తగిలే వాపు మిగిలి ఉంటే అది తాజా రక్తం కాదు, రేగిన పొరే. దానికి మూడు నెలలపాటు క్రమంగా ఫ్యాక్టర్ ఇస్తూ, ఫిజియోథెరపిస్టు చూపించే తొడ కండరాల వ్యాయామం చేయించాల్సి ఉంటుంది. వేసిన ప్రతి డోసు తేదీ, సమయం, యూనిట్లు, బ్యాచ్ నంబరు, ఏ కీలు వాచిందో ఒక నోట్‌బుక్‌లో రాసి వెంట తీసుకెళ్లండి. రోజులు మార్చాలో డోసు మార్చాలో డాక్టర్ నిర్ణయించేది ఆ పుస్తకం చూసే.