కొత్త ఉద్యోగంలో టీడీఎస్ సున్నా అని చూసి సంబరపడకండి

ప్రశ్న: "అక్టోబర్‌లో కంపెనీ మారాను. మొదటి నెల జీతం తక్కువ పడింది, రెండో నెల ఎరియర్స్, రీయింబర్స్‌మెంట్ అని ఏవేవో కలిపి ఎక్కువ పడింది. పేస్లిప్ చూస్తే తల తిరుగుతోంది. అసలు ఏ లైన్ చూడాలి?"

టీడీఎస్ లైన్, అంటే కంపెనీ మీ జీతంలోంచి ముందే కోసి కట్టే ఆదాయపు పన్ను. మిగతావాటిలో తేడా వస్తే హెచ్‌ఆర్‌కి ఒక మెయిల్ కొడితే సరిపోతుంది. ఇక్కడ తేడా వస్తే మాత్రం వచ్చే జులైలో రిటర్న్ వేసేటప్పుడు మీ జేబుకే చిల్లు.

2025లో మా బావమరిదిదీ అచ్చం ఇదే కథ. సెప్టెంబర్ దాకా పాత కంపెనీలో నెలకు 90,000. అక్టోబర్ 1న హైదరాబాద్‌లోనే ఇంకో కంపెనీలో 1,40,000కి చేరాడు. నవంబర్ జీతం పడగానే మా ఇంటికొచ్చి ఫోన్ నా చేతిలో పెట్టి, "బావా, చూడు, 1,66,981 పడింది, టాక్స్ రూపాయి కూడా కట్ కాలేదు" అన్నాడు.

ముందు ఆ అంకె విప్పి చూపించాను. అక్టోబర్ మొదట్లో ఐడీ కార్డు చేతికి రాక అయిదు రోజులు హాజరు పడలేదు, దాన్ని ఎల్‌ఓపీ, అంటే జీతం లేని సెలవు కింద కోశారు. ఆ డబ్బే నవంబర్‌లో ఎరియర్స్‌గా తిరిగొచ్చింది, 22,581. అక్టోబర్‌కి 31 రోజులు కాబట్టి 1,40,000ని 31తో భాగించి అయిదుతో గుణిస్తే వచ్చేది అంతే. కోత 31 మీద వేసి, తిరిగిచ్చేది ఇంకో లెక్కన ఇస్తే ఒప్పుకోకూడదు. ఇంకో 6,400 ఆఫీసు పని మీద చెన్నై వెళ్లొచ్చిన బిల్లులు. వాడి జేబులోంచి పెట్టిన డబ్బు వాడికి తిరిగొచ్చింది, అంతే. అది ఆదాయం కాదు, కాబట్టి టాక్స్ షీట్‌లో జీతంతో కలిపేశారేమో చూడాలి. కోతలు రెండే: పీఎఫ్ 1,800, వృత్తి పన్ను 200. పీఎఫ్ కొన్ని కంపెనీలు 15,000 మీద 12 శాతం లెక్కన 1,800తో ఆపేస్తాయి, కొన్ని మొత్తం బేసిక్ మీద కోస్తాయి. ఆఫర్ లెటర్‌లో ఏం రాశారో దాంతో పోల్చుకోండి.

ఇక ఆ సున్నా సంగతి. పాత కంపెనీ వాడి జీతాన్ని ఏడాదికి 10.8 లక్షలుగా లెక్కేసుకుంది. కొత్త పన్ను విధానంలో జీతగాళ్లకు 12.75 లక్షల దాకా పన్ను లేదు కదా, కోయలేదు. కొత్త కంపెనీకి కనబడేది ఆరు నెలల 8.4 లక్షలే, అదీ కోయలేదు. ఎవరి లెక్క వాళ్లకి కరెక్టే. కానీ వాడి అసలు ఆదాయం పాత ఆరు నెలల 5.4, కొత్త ఆరు నెలల 8.4 కలిపి 13.8 లక్షలు. 75,000 స్టాండర్డ్ డిడక్షన్ తీస్తే 13.05 లక్షలు. ఆ హద్దు దాటాడు కాబట్టి స్లాబుల ప్రకారం పన్ను 75,750, దాని మీద 4 శాతం సెస్ 3,030. మొత్తం 78,780!

దీనికి మందు ఒక ఫారం, 2025లో దాని పేరు 12బి. పాత కంపెనీ ఇచ్చిన జీతం, కోసిన పీఎఫ్, టీడీఎస్, పన్ను కోతల కోసం ఆ కంపెనీకి ఉండే టాన్ నంబర్ రాసి కొత్త కంపెనీకి ఇవ్వాలి. పాత కంపెనీ ఆఖరి పేస్లిప్, టాక్స్ షీట్ చాలు. పాత కంపెనీ ఇచ్చే టీడీఎస్ సర్టిఫికెట్ కోసం ఆగితే అది వచ్చేసరికి ఏడాదే అయిపోతుంది. చేరిన రోజు ల్యాప్‌టాప్ బ్యాగు, మగ్గు, బ్యాడ్జీ అన్నీ ఇస్తారు గానీ ఈ ఒక్క కాగితం గురించి ఎవరూ నోరు విప్పరు. మావాడు అడిగితే హెచ్‌ఆర్ అమ్మాయి "అది తప్పనిసరి కాదండీ" అంది. నిజమే, ఇవ్వాలని చట్టం బలవంతపెట్టదు. పన్ను కట్టడం మాత్రం తప్పదు. కంపెనీ కోయకపోతే మనమే డిసెంబర్ 15, మార్చి 15 గడువుల్లో అడ్వాన్స్ టాక్స్ కట్టుకోవాలి. లేకపోతే నెలకు ఒక శాతం చొప్పున వడ్డీ.

చేరగానే ఇచ్చి ఉంటే ఆరు నెలలకు సర్ది నెలకు 13,130 కోసేవాళ్లు. వాడు ఇచ్చింది డిసెంబర్‌లో, నాలుగు నెలలే మిగిలాయి కాబట్టి నెలకు 19,695 పోయింది. జనవరి దాకా నానిస్తే 26,260 అయ్యేది. డిసెంబర్ జీతం పడ్డాక ఫోన్ చేసి "చెప్పకుండా ఉన్నా బాగుండేది బావా" అని గొణిగాడు. చెప్పకపోతే జులైలో ఒకేసారి తిట్టేవాడు!

మీరిప్పుడు పేరోల్ పోర్టల్‌లో టాక్స్ షీట్ తెరిచి `Income from Previous Employer` అన్న వరుస చూడండి. అక్కడ సున్నా ఉంటే మీ కంపెనీ దృష్టిలో మీరు సెప్టెంబర్ దాకా ఖాళీగా కూర్చున్నట్టే. పాత కంపెనీ ఫుల్ అండ్ ఫైనల్, అంటే ఆఖరి లెక్క కింద ఆలస్యంగా ఏమైనా వేస్తే, అందులో పన్ను పడే మొత్తాన్ని కూడా కలిపి రాయండి. మావాడికి బోనస్ బాకీ ఏమీ లేదు కాబట్టి లెక్క 5.4 దగ్గరే ఆగింది.