గడ్డను తగ్గించే బిళ్లలతో కుక్కకు బీపీ, నల్ల విరేచనం ఎందుకు?

ప్రశ్న: మా మామిడి తోటకు కాపలా ఉండే లాబ్రడార్‌కు 9 ఏళ్లు, 30 కిలోలు ఉంటుంది. వెనక తొడ మీద గడ్డ లేస్తే పరీక్ష చేసి మాస్ట్ సెల్ అనే రక్షణ కణాల క్యాన్సర్ అన్నారు. గడ్డకు రక్తం అందకుండా చేస్తుందని టొసెరానిబ్ బిళ్లలు రాశారు, రోజు విడిచి రోజు 90 మి.గ్రా. వేస్తున్నాం. మూడు వారాల్లో గడ్డ సగానికి తగ్గింది. కానీ మొన్న బీపీ 172 వచ్చింది, నిన్నటి నుంచి విరేచనం నల్లగా, జిగటగా అవుతోంది. కుంటుతోందని గేదెకు తెచ్చిన మెలోక్సికామ్ అనే నొప్పి మందు రెండు రోజులు ఇచ్చాం. గడ్డకు వేసే మందు బీపీ ఎందుకు పెంచుతుంది? రక్తం ఎందుకు పోతుంది? బిళ్లలు ఆపాలా?
– ఒక మామిడి రైతు, జగిత్యాల జిల్లా

జవాబు: ఆపండి. టొసెరానిబ్, మెలోక్సికామ్ రెండూ ఈ రోజే ఆపేసి, కుక్కను ఈ రోజే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి, రేపటిదాకా చూద్దాం అనుకోవద్దు. తారులా నల్లగా, జిగటగా, ఘాటు వాసనతో వచ్చే విరేచనం అంటే పొట్టలోనో చిన్నపేగు పైభాగంలోనో రక్తం కారి, అది అరిగి బయటికి వస్తోందని అర్థం. ఐరన్ టానిక్ తాగించినా విరేచనం నల్లబడుతుంది కాబట్టి అలాంటిది ఏమైనా ఇచ్చి ఉంటే డాక్టరుకు చెప్పండి. పై పెదవి ఎత్తి చిగుళ్లు చూడండి, పాలిపోయి తెల్లగా ఉంటే ఇప్పటికే చాలా రక్తం పోయిందన్నమాట, అప్పుడు గంటలు కూడా లెక్కే.

ఇక మీరు అడిగిన 'ఎందుకు' సంగతి. క్యాన్సర్ గడ్డ ఒకటి రెండు మిల్లీమీటర్లు దాటి పెరగాలంటే దానికి సొంతంగా రక్తనాళాలు కావాలి. ఈ మాటను 1971లో జూడా ఫోక్‌మన్ అనే అమెరికన్ సర్జన్ గట్టిగా చెప్పారు. గడ్డ వీఈజీఎఫ్ అనే ప్రోటీన్‌ను వదులుతుంది, అది పక్కనున్న రక్తనాళం లోపలి పొర కణాలకు అతుక్కుని 'ఇటు కొమ్మ వెయ్యి' అన్నట్టు వాటిని పెంచుతుంది. మీ కాలువ గట్టుకు రాత్రికి రాత్రి ఎవరో తూము పెట్టి నీళ్లు మళ్లించుకున్నట్టే. టొసెరానిబ్ ఆ కణాల మీద ఈ ప్రోటీన్ పిలుపును అందుకునే రిసెప్టర్‌ను మూసేస్తుంది. దాంతోపాటు మాస్ట్ సెల్ కణాలను నేరుగా పెంచే కిట్ అనే రిసెప్టర్‌ను కూడా మూస్తుంది, అందుకే ఈ గడ్డకు ఇది బాగా పనిచేస్తుంది. 2009లో అమెరికాలో కుక్కల క్యాన్సర్‌కే ప్రత్యేకంగా అనుమతి పొందిన మొదటి మందు ఇదే.

చిక్కు ఎక్కడంటే వీఈజీఎఫ్ గడ్డ సొత్తు కాదు. ఒంట్లోని ప్రతి రక్తనాళానికీ అది రోజూ కావాలి. ఆ పిలుపు అందినప్పుడు లోపలి పొర కణాలు నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువును కొద్దికొద్దిగా తయారు చేస్తాయి, దాంతో నాళం చుట్టూ ఉన్న కండరం వదులుగా ఉంటుంది. మందు ఆ పిలుపును ఆపితే వాయువు తగ్గుతుంది, కండరం బిగుస్తుంది, నాళం ఇరుకవుతుంది. దీనికి తోడు అతి సన్నని నాళాలు కొన్ని పూర్తిగా మూసుకుపోతాయి. మోటారు అదే వేగంతో నడుస్తుండగా డ్రిప్ లైన్లు సగం మూసేస్తే మెయిన్ పైపు దగ్గర గేజ్ ముల్లు పైకి లేస్తుంది చూడండి, అదే ఇక్కడ బీపీ. కిడ్నీలో వడపోత నాళాలు కూడా వీఈజీఎఫ్ మీదే బతుకుతాయి, అవి దెబ్బతింటే మూత్రంలో ప్రోటీన్ పోతుంది. అందుకని బీపీతో పాటు మూత్ర పరీక్ష కూడా చేయించండి. బీపీ ఇలా పెరగడం టొసెరానిబ్ మొదలుపెట్టిన రెండు వారాలకే కనిపించవచ్చు, మీకు మూడో వారంలో బయటపడటంలో వింతేమీ లేదు. మనుషుల్లో క్యాన్సర్‌కు 2004 నుంచి వాడుతున్న, వీఈజీఎఫ్‌నే అడ్డుకునే బెవాసిజుమాబ్ ఇంజెక్షన్‌తో కూడా ఇలాగే బీపీ పెరుగుతుంది, రక్తస్రావం కూడా అవుతుంది.

రక్తం పోవడానికి కారణం కూడా ఆ పొరలోనే ఉంది. నీటి కుంటలో పరిచిన షీటును అప్పుడప్పుడూ అతుకులు వేసి చూసుకోకపోతే ఏదో ఒక మూల కారుతుంది. వీఈజీఎఫ్ ఉంటేనే ఆ కణాలు బతికి, చిన్న చిన్న పగుళ్లను పూడ్చుకుంటాయి. అది అందకపోతే పగుళ్లు అలాగే ఉండిపోతాయి, పుండ్లు మానవు. పొర కింది భాగం రక్తానికి తగిలిన చోట ఆ రక్తం గడ్డకట్టే ప్రమాదమూ ఉంది, అంటే ఒకే మందుతో ఒక చోట రక్తం కారవచ్చు, ఇంకో చోట రక్తం గడ్డకట్టవచ్చు. మీ కుక్క విషయంలో మాత్రం ఇంకో రెండు కారణాలు కలిశాయి. మాస్ట్ సెల్ గడ్డ హిస్టమిన్ అనే రసాయనాన్ని వదులుతుంది, అది పొట్టలో యాసిడ్‌ను పెంచి పుండ్లు చేస్తుంది. ఆ పైన మీరు మెలోక్సికామ్ వేశారు, అది పొట్ట గోడను కాపాడే జిగురు పూతను తగ్గిస్తుంది, పైగా గేదెకు తెచ్చిన మందు కుక్క బరువుకు ఎంతో ఎక్కువై ఉండొచ్చు. పుండు పడటానికి రెండు కారణాలు, అది మానకుండా చేసేది మూడోది. ఎంత మోతాదు పోసారో గుర్తు చేసుకుని డాక్టరుకు ఖచ్చితంగా చెప్పండి, అసలు ఆ కుంటడం కూడా టొసెరానిబ్ వల్లే వచ్చి ఉండొచ్చు, అది దీనికి తెలిసిన దుష్ప్రభావమే.

172 సంగతి కూడా సరిచూసుకోవాలి. కుక్కల్లో పై బీపీ 160 దాటితే ఎక్కువ, 180 దాటితే తీవ్రం. కానీ ఆసుపత్రిలో బెదిరిన కుక్కకు ఎలాగూ బీపీ పెరుగుతుంది, కాబట్టి పది నిమిషాలు మీ దగ్గరే నెమ్మదిగా పడుకోబెట్టి, కాలికి సరిపోయే పట్టీతో ఐదారుసార్లు కొలిచి, మొదటిది వదిలేసి మిగతావాటి సగటు తీయమని అడగండి. అప్పుడూ 160 పైనే ఉంటే బీపీని తగ్గించే అమ్లోడిపిన్ గానీ బెనజెప్రిల్ గానీ డాక్టరు మొదలుపెడతారు. అకస్మాత్తుగా గోడలకు గుద్దుకుంటే, చీకట్లోలా తడబడితే బీపీ కంటి లోపలి రెటీనాను ఊడదీసిందేమో అనుమానించాలి, వెంటనే తీసుకెళ్లాలి.

టొసెరానిబ్ ఒంట్లో సగానికి తగ్గడానికే సుమారు 30 గంటలు పడుతుంది, అందుకే ఆపిన రోజే తేడా కనిపించదు. విరేచనం మామూలు రంగుకు వచ్చి, రక్త పరీక్షలో రక్తం నిలదొక్కుకుని, బీపీ దిగాక మళ్లీ మొదలుపెట్టడం గురించి డాక్టరు చూస్తారు. అప్పుడు పాత మోతాదు వద్దు. ఇప్పుడు వేస్తున్న 90 మి.గ్రా. కిలోకు 3 మి.గ్రా. చొప్పున పడుతోంది. ఒకేసారి కిలోకు అర మి.గ్రా. తగ్గించడం రివాజు, అంటే 2.5 చొప్పున 75 మి.గ్రా., ఒక 50, ఒక 15, ఒక 10 బిళ్ల కలిపితే సరిపోతుంది. 2.2 కన్నా కిందికి మాత్రం దించరు. ఈ మధ్యలో గడ్డను ఆపరేషన్ చేసి తీసేద్దామని ఎవరైనా అంటే, మందు ఆపి కనీసం మూడు రోజులైనా గడవాలని చెప్పండి, లేదంటే కుట్లు మానవు.

బిళ్లలను విరిచి, నూరి ఇవ్వకండి, ఒట్టి చేత్తో తాకకండి. ఇంట్లో గర్భిణి ఉంటే ఈ బిళ్లలకూ, ఆ కుక్క మలమూత్రాలకూ దూరంగా ఉంచండి, కడుపులో బిడ్డ పెరగడానికి కొత్త రక్తనాళాలే కావాలి, ఈ మందు ఆపేది వాటినే.