ఫోటోలో మూడో లైన్ చూశావా?

ప్రశ్న: సార్, బీఎస్సీ స్టాటిస్టిక్స్ ఫైనలియర్. ఎమ్మెస్సీ సీటు కోసం ఐఐటీల ఎంట్రన్స్ జామ్ రాద్దామనుకుంటున్నా. ఎక్స్‌పోనెన్షియల్‌కి ఎంఎల్ఈ లెక్క చేసి ఫోటో పెట్టాను, శాంపుల్ 1.2, 4.5, 0.8, 6.0, 2.5 నిమిషాలు. నాకు λ = 1/15 వచ్చింది, కీలో 1/3 ఉంది. ఇంత చిన్న లెక్కలోనే తప్పుతుంటే ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ నాకు వద్దంటారా?

జవాబు: రెండో లైన్ దాకా అంతా కరెక్టేనమ్మా. ఐదు డెన్సిటీలు గుణించి L = λ⁵e^(−15λ) అని రాశావు, కానీ ఆ 5 ఎంత చిన్నగా పడిందంటే పక్కనున్న e కి అతుక్కుపోయింది, దాంతో మూడో లైన్లో లాగ్ తీసేటప్పుడు నీ రాత నీకే కనబడక log λ − 15λ అని దింపేశావు. ఉండాల్సింది ఇది:

log L = 5 log λ − 15λ

డెరివేటివ్ 5/λ − 15, దాన్ని సున్నా చేస్తే λ = 1/3. రెండో డెరివేటివ్ −5/λ², ఎప్పుడూ నెగెటివే, కాబట్టి అది మాగ్జిమమే. ఈ స్టెప్ నీ ఫోటోలో అసలు లేదు.

నన్ను ఆలోచనలో పడేసింది మాత్రం ఆ 5 కాదు. λ = 1/15 అంటే సగటు 15 నిమిషాలని అర్థం, మరి నీ శాంపుల్లో అన్నిటికన్నా పెద్దదే 6.0, సగటు 3. కీ చూడకముందే నీకు అనుమానం రావాలి. అప్పటికీ నమ్మకం కుదరకపోతే రెండు విలువలూ సరైన log L లో వేసి చూడు: 1/3 దగ్గర సుమారు −10.49, 1/15 దగ్గర −14.54. ఏది పెద్దదో తెలుస్తూనే ఉంది. జామ్‌లో న్యూమరికల్ ప్రశ్నలకి నీ స్టెప్స్ ఎవరూ చూడరు, ఫైనల్ నంబరు ఒక్కటే లెక్క, అందుకే ఈ చెకింగ్ అలవాటు లేకపోతే మార్కు పోయిన సంగతి కూడా నీకు తెలీదు. అదే తర్వాత ఇండియన్ స్టాటిస్టికల్ సర్వీస్ వైపు వెళ్లాలనుకుంటే అక్కడ డిస్క్రిప్టివ్ పేపర్లు కూడా ఉంటాయి, ఆ రెండో డెరివేటివ్ లైను వదిలేస్తే జవాబు సగంలో ఆపినట్టే.

ఎమ్మెస్సీ వద్దా అన్నావు కదా, ఎక్కించడంలో జారిన ఒక్క అంకెని బట్టి అది తేల్చలేం. ఇదే శాంపుల్ 0 నుంచి θ దాకా యూనిఫామ్ అనుకుని మళ్లీ చెయ్యి. L = 1/θ⁵, కాకపోతే θ కనీసం 6.0 ఉంటేనే, అంతకన్నా తక్కువైతే L సున్నా. లాగ్ తీసి డెరివేటివ్ చేస్తే −5/θ వస్తుంది, దాన్ని సున్నా చేయడం ఎవరివల్లా కాదు. అక్కడ టెన్షన్ పడి ఆగిపోతే పద్ధతి బట్టీ పట్టావన్నమాట, అలాంటప్పుడు జామ్ కన్నా ముందు ఈ చాప్టరే మళ్లీ చదవాలి. θ పెరిగేకొద్దీ L తగ్గుతోంది కాబట్టి వీలైనంత చిన్న θ, అంటే 6.0 తీసుకోవాలని నీకు నువ్వే పట్టుకుంటే అప్లికేషన్ పెట్టెయ్.