పుల్-అప్స్‌కి గ్రిప్ ఎంత వెడల్పు పెట్టాలని అడిగావు కదా తమ్ముడూ

నీ మెసేజ్ చదివాను. చేతులు బాగా దూరంగా పెట్టి చేస్తే వీపు వెడల్పవుతుందని ఎవరో చెప్పారని రెండు నెలలుగా బార్ రెండు చివర్లా పట్టుకుని లాగుతున్నావు, ఎనిమిది రెప్స్ చేసేవాడివి నాలుగుకి పడిపోయావు, పైగా భుజం ముందు భాగంలో ఏదో పట్టేసినట్టుందంటున్నావు. నీకు బలం తగ్గలేదు. నీకు సాయం చేసే కండరాలనే నువ్వు పక్కన కూర్చోబెట్టేశావు, అంతే.

ఎలాగో చెప్తాను, కొంచెం లెక్కుంటుంది కానీ భయపడకు. బరువు బకెట్ ఒంటికి ఆనించి పట్టుకుంటే తేలిగ్గా ఉంటుంది, అదే చెయ్యి చాపి పట్టుకుంటే క్షణాల్లో భుజం వణుకుతుంది. బరువు మారలేదు, కీలుకీ బరువుకీ మధ్య అడ్డంగా ఉన్న దూరం మారింది. పుల్-అప్‌లోనూ ఇదే సంగతి. బార్ నిన్ను పైకి పట్టుకునేది నీ అరచేతుల దగ్గర, కాబట్టి అరచేతి నుంచి నేల వైపు నిట్టనిలువుగా ఒక గీత ఊహించుకో. ఆ గీతకి ఏ కీలు ఎక్కువ దూరంలో ఉంటే ఆ కీలుని తిప్పే కండరాలకి అంత పని పడుతుంది. చూడాల్సినవి రెండే కీళ్ళు: భుజం, మోచెయ్యి. భుజం దగ్గర లాగేది ల్యాట్స్, వీపుకి రెండు పక్కలా ఉండే పెద్ద కండరం. మోచెయ్యి మడిచేవి బైసెప్స్, దాని కింద దాక్కునే బ్రేకియాలిస్, ముంజేతి మీద ఉబ్బి కనిపించే బ్రేకియోరేడియాలిస్.

ఇప్పుడు ఒక మనిషిని తీసుకుందాం. 60 కిలోలు, అంటే ఒక్కో చేతికి 30. రెండు భుజం కీళ్ళ మధ్య 36 సెంటీమీటర్లు, భుజం నుంచి మోచేతి దాకా జబ్బ పొడవు 28. సగం పైకి లేచి జబ్బ నేలకి సమాంతరంగా వచ్చిన చోట ఆపి చూద్దాం.

చేతులు భుజాలంత వెడల్పులోనే ఉంటే మోచేతులు ముందుకి వస్తాయి. ఒళ్ళు బార్ కిందే వేలాడాలి కాబట్టి భుజం బార్‌కి కొంచెం వెనక్కి, మోచెయ్యి కొంచెం ముందుకి ఉంటాయి. మన నిట్టనిలువు గీత జబ్బని దాదాపు మధ్యలో కోస్తుంది: అటు భుజానికి 14, ఇటు మోచేతికి 14. ముప్పై కిలోల భారం రెండు కీళ్ళూ ఇంచుమించు సమానంగా పంచుకున్నట్టు.

అదే మనిషి చేతుల మధ్య 80 సెంటీమీటర్లు పెట్టాడనుకో. మోచేతులు ఇప్పుడు పక్కలకి తెరుచుకుంటాయి. ఒంటి మధ్య నుంచి చెయ్యి 40 దూరంలో, భుజం 18 దూరంలో ఉంది, కాబట్టి గీత నుంచి భుజానికి 22. మోచెయ్యి భుజానికి 28 అవతల ఉంది కాబట్టి గీత నుంచి దానికి మిగిలింది 6 మాత్రమే. చూశావా, ఆ 28 ఎక్కడికీ పోలేదు, పంపకం మారింది. భుజం వాటా 14 నుంచి 22కి పెరిగింది, మోచేతి వాటా 14 నుంచి 6కి పడిపోయింది. ఇంకా వెడల్పుగా 100 పెడితే గీత మోచెయ్యిని దాటి బయటికి పోతుంది, అప్పుడు మోచెయ్యి మడిచే కండరాలకి దాదాపు పనే ఉండదు. నువ్వు పట్టుకుంటున్నది ఇంచుమించు ఇక్కడేనని నా అనుమానం. (నిజంగా లాగేటప్పుడు చేతులు బార్‌ని కొంచెం పక్కకి కూడా నెడతాయి, ఈ అంకెలు అచ్చంగా ఇలాగే ఉండవు. మార్పు ఏ వైపుకి అన్నదే మనకి కావాలి.)

భుజం మీద భారం అంత పెరిగితే ల్యాట్స్ కూడా అంత ఎక్కువ పెరగాలి కదా అంటావు. నేనూ అలాగే అనుకుని ఒక ఏడాది వృథా చేశాను. కండరాల మీద ఎలక్ట్రోడ్లు అంటించి కొలిచినప్పుడు వెడల్పు గ్రిప్‌కీ మధ్యస్థం గ్రిప్‌కీ ల్యాట్స్ పనిలో తేడా చాలా కొద్దిగానే కనిపిస్తుంది. ఎందుకంటే జబ్బని పక్క నుంచి ఒంటి వైపుకి దించినా, ముందు నుంచి వెనక్కి దించినా ల్యాట్సే పెద్ద కూలీ, రెండు దారుల్లోనూ దానికి చేతినిండా పని ఉంటుంది. మారేది పక్కనున్న సహాయకులే. చేతులు దగ్గరగా ఉంటే మోచెయ్యి మడిచే కండరాలతో పాటు ఛాతీ కింది భాగం కూడా ఒక చెయ్యి వేస్తుంది. దూరంగా ఉంటే వాటి సాయం తగ్గి, ల్యాట్స్ పక్కనే ఉండే టెరెస్ మేజర్ లాంటి చిన్న కండరాల మీద ఎక్కువ ఆధారపడాలి. నీ రెప్స్ సగానికి పడింది అందుకే.

ఇంకొకటి, దీన్ని జనం అసలు పట్టించుకోరు. వెడల్పు గ్రిప్‌లో నువ్వు లేచే ఎత్తే తగ్గిపోతుంది. భుజం నుంచి అరచేతి దాకా 57 సెంటీమీటర్లు అనుకుంటే, నేరుగా వేలాడితే భుజం బార్‌కి 57 కిందుంటుంది. 80 వెడల్పులో చేతులు ఏటవాలుగా ఉంటాయి కాబట్టి అది సుమారు 53, 100 వెడల్పులో 47. అంటే కిందనే పది సెంటీమీటర్లు పోయాయి, ల్యాట్స్ బాగా సాగాల్సిన చోటే. పైన కూడా గడ్డం బార్ దాటకముందే ఆగిపోతున్నావేమో చూసుకో, మెడ సాచి గడ్డం అందించడం లెక్కలోకి రాదు.

మరి ఎంత పెట్టాలి? టేపుతో ఒక భుజం పైన చేతికి తగిలే ఎముక నుంచి రెండో భుజం ఎముక దాకా కొలువు. 40 వచ్చిందనుకో, దానికి ఒకటిన్నర రెట్లు, అంటే చూపుడు వేళ్ళ మధ్య 60 దగ్గర ఎక్కువ సెట్లు చెయ్యి. బార్ మీద రంగు టేపు ముక్కలు అంటించుకో, లేకపోతే అలసట వచ్చేసరికి చేతులు వాటంతటవే జరిగిపోతాయి. బైసెప్స్‌కి కూడా పని పడాలనుకుంటే చివరి సెట్ ఒకటి భుజాలంత వెడల్పులో చెయ్యి, రెప్స్ కూడా ఒకటో రెండో ఎక్కువే వస్తాయి. వీపు ఇంకా తాజాగా ఉండగానే ముంజేతులు, బైసెప్స్ ముందే చేతులెత్తేస్తున్నాయనిపిస్తే ఒక్కో వైపు మూడు నాలుగు సెంటీమీటర్లు బయటికి జరుపు. 80 దాటి వెళ్ళడానికి నాకైతే ఒక్క కారణం కూడా కనిపించదు.

భుజం నొప్పి సంగతి మాత్రం విడిగా చెప్పాలి. బాగా వెడల్పుగా పట్టుకుని కింద పూర్తిగా వదిలేసి వేలాడినప్పుడు జబ్బ పక్కకి లేచి బయటికి తిరిగి ఉంటుంది, చాలామందికి ఆ స్థితిలో భుజం ముందు భాగం నొక్కినట్టవుతుంది. నాకూ సరిగ్గా అక్కడే వచ్చింది, చేతులు లోపలికి తెచ్చాక కొన్ని వారాల్లో తగ్గింది. రెండు వారాలు పుల్-అప్స్ ఆపు, తర్వాత 60 దగ్గర మూడేసి రెప్స్‌తో మొదలుపెట్టు, లాగడానికి ముందు చేతులు మడవకుండా రెక్క ఎముకలు మాత్రం కిందికి దించి ఒక క్షణం ఆగు. అప్పటికీ చెయ్యి ఎత్తితేనే నొప్పి వస్తున్నా, రాత్రి ఆ పక్కకి పడుకోలేకపోతున్నా ఫిజియోథెరపిస్ట్‌కి చూపించు, నా ఉత్తరంతో సరిపెట్టుకోకు.

ఫోన్‌ని ఎదురుగా, ఛాతీ ఎత్తులో పెట్టి ఒక సెట్ వీడియో తియ్యి. జబ్బలు నేలకి సమాంతరంగా వచ్చిన చోట ఆపి ముంజేతులు ఎటు వాలుతున్నాయో చూడు. మోచేతుల నుంచి పైకి పోతూ బయటికి విచ్చుకుంటే మరీ వెడల్పు, లోపలికి కొద్దిగా వాలితే సరిపోయింది. ఆ ఫోటో నాకు పంపు, కొలత కూడా రాయి.