కన్ఫర్మేషన్ లెటర్ ఇవ్వకపోతే ప్రొబేషన్ అలాగే సాగుతుందా?

ప్రశ్న: మాది రాయగడ. మా అబ్బాయి విజయనగరంలో మెకానికల్ డిప్లొమా చేశాడు. ఇక్కడే ఒక ఫ్యాక్టరీ జూనియర్ ఇంజినీర్‌గా ఆఫర్ లెటర్ ఇచ్చింది. ఏడాదికి 3.6 లక్షలు, 12 నెలల ప్రొబేషన్. రాతపూర్వకంగా కన్ఫర్మ్ చేసేవరకు ప్రొబేషన్ కొనసాగుతుందట. ఈలోపు కంపెనీ 7 రోజుల నోటీసుతో తీసేయొచ్చు. వాడు మానాలంటే మాత్రం 90 రోజుల నోటీసు, లేదా 3 నెలల గ్రాస్ జీతం కట్టాలి. సంతకం చేయొచ్చా?

జవాబు: చేయొచ్చు, కానీ ఒక వాక్యం మార్పించాకే. ఏడాది గడిస్తే ఉద్యోగం దానంతటదే పర్మనెంట్ అవుతుందని చాలామంది అనుకుంటారు. లెటర్‌లో ‘రాతపూర్వకంగా కన్ఫర్మ్ చేసేవరకు’ అని ఉంటే మామూలుగా కోర్టులు అలా ఒప్పుకోవు. మూడో ఏడు నడుస్తున్నా మీవాడు ప్రొబేషన్‌లోనే ఉంటాడు, ఆ 7 రోజుల నోటీసే వర్తిస్తుంది. అయితే గరిష్ఠ పరిమితి ఉంటే సంగతి వేరు. 1968లో పంజాబ్ ఉపాధ్యాయుల కేసులో నిబంధనలు ప్రొబేషన్‌కు 3 ఏళ్ల హద్దు పెట్టాయి. అది దాటాక కూడా కొనసాగించారు కాబట్టి కన్ఫర్మ్ చేసినట్టేనని సుప్రీంకోర్టు చెప్పింది. ప్రైవేటు ఉద్యోగంలో ఆ వాదన చేయాలన్నా అలాంటి హద్దు లెటర్‌లో ఉండాలి. అందుకే ‘పొడిగించినా మొత్తం 18 నెలలు మించదు, ఆపైన కన్ఫర్మ్ అయినట్టే’ అని రాయమని హెచ్‌ఆర్‌కు ఈమెయిల్ పంపించండి. ఫోన్‌లో ‘అదేం ఉండదులెండి’ అంటే నమ్మకండి.

ఇక డబ్బు లెక్క. నెలకు 30,000లో బేసిక్ 15,000, ఇంటి అద్దె 6,000, స్పెషల్ అలవెన్స్ 4,000 అనుకుందాం. గ్రాస్ 25,000. మిగతా 5,000లో 1,800 కంపెనీ కట్టే పీఎఫ్, ఇంకొంత గ్రాట్యుటీ, ఏడాది చివరి ఇన్సెంటివ్. మీవాడి వాటా పీఎఫ్ మరో 1,800 పోతే చేతికి 23,200 లోపే. పద్నాలుగో నెలలో విశాఖలో మంచి ఉద్యోగం వచ్చి వెంటనే మానితే 75,000 అడుగుతారు. కంపెనీ తీసేస్తే మాత్రం ఇచ్చేది 7 రోజుల జీతం, అంటే 6,000 కూడా ఉండదు. ఈ తేడా నాకు అన్యాయంగానే కనిపిస్తుంది. ప్రొబేషన్‌లో ఇద్దరికీ 30 రోజులు, లెక్క బేసిక్ మీద అని అడగండి. అప్పుడు మీ భారం 15,000.

ఒకవేళ మార్చకపోయినా భయపడిపోకండి. మానేస్తానన్నవాణ్ని కోర్టు బలవంతంగా పనిచేయించదు. ఆ 75,000 కూడా కాంట్రాక్ట్ చట్టం 74వ సెక్షన్ ప్రకారం గరిష్ఠ మొత్తమే, కోర్టు సబబైన పరిహారమే ఇప్పిస్తుంది. అయితే ఆ మాట కోర్టు దాకా వెళ్లాకే తేలుతుంది. ఈలోగా రిలీవింగ్ లెటర్ ఆపుతారు, కొత్త కంపెనీ అదే అడుగుతుంది. ఇలా ఇరుక్కుని నా దగ్గరికి వచ్చినవాళ్లున్నారు.

హోదా పేరు చూసి కూడా ఊరుకోకండి. చేసే పనిని బట్టే చట్టం ‘వర్కర్’ అవునో కాదో చూస్తుంది. మెషీన్ల దగ్గర సాంకేతిక పని చేస్తే వర్కర్ అవుతాడు, లేబర్ ఆఫీసు తలుపు తట్టొచ్చు. పని ప్రధానంగా సూపర్‌విజన్ అయి జీతం నెలకు 18,000 దాటితే ఆ దారి ఉండదు. కాబట్టి డ్యూటీలు లెటర్‌లో రాయించుకోండి. ఎలా మానినా, తీసేసినా చివరి జీతం 2 పనిదినాల్లో ఇవ్వాలని 2025 నవంబర్ 21 నుంచి అమల్లో ఉన్న వేతన కోడ్ చెబుతోంది. ‘45 రోజుల్లో సెటిల్‌మెంట్’ అని లెటర్‌లో ఉన్నా, జీతం విషయంలో అది చెల్లదు.