షీటు మీద ఉండేది పీపీఎం, అడిగేది హెర్ట్జ్

ప్రశ్న: సార్, మాది కందుకూరు. కావలిలో ఎమ్మెస్సీ ఆర్గానిక్ పూర్తిచేశాను. హైదరాబాద్‌లో ఒక మందుల కంపెనీ ఆర్ అండ్ డీ ఇంటర్వ్యూలో ప్రోటాన్ ఎన్ఎంఆర్ షీటు చేతికిచ్చి ‘ఇది సిస్సా, ట్రాన్సా’ అని అడిగారు. జె విలువ సిస్ అయితే 6–12 హెర్ట్జ్, ట్రాన్స్ అయితే 12–18 అని చెప్పాను. ‘సరే, ఇందులో చూపించు’ అనేసరికి నోట మాట రాలేదు. వచ్చే నెల ఇంకో ఇంటర్వ్యూ ఉంది. ఎలా తయారవ్వాలి?

జవాబు: ముందు ఆ షీటు ఎన్ని మెగాహెర్ట్జ్ మిషన్ మీద తీశారో చూడమ్మా, లేదా అడుగు. అడిగితే తప్పుపట్టరు, పని తెలిసిన మనిషని అనుకుంటారు. గీతల పక్కన రాసి ఉండేది పీపీఎం. రెండు గీతల మధ్య తేడాని మిషన్ మెగాహెర్ట్జ్‌తో గుణిస్తే జె విలువ హెర్ట్జ్‌లో వస్తుంది.

ఇథైల్ సిన్నమేట్ తీసుకుందాం. బెంజాల్డిహైడ్‌తో విట్టిగ్ చేస్తే వచ్చేది ఇదే కాబట్టి ఇంటర్వ్యూల్లో అడగడానికి అనువైనది. 400 మిషన్ మీద 7.70, 7.66 దగ్గర ఒక జత గీతలు, 6.45, 6.41 దగ్గర ఇంకో జత ఉన్నాయనుకో. తేడా 0.04, దాన్ని 400తో గుణిస్తే 16 హెర్ట్జ్. రెండు జతల్లోనూ అదే 16 రావాలి, ఎందుకంటే ఆ రెండు ప్రోటాన్లూ ఒకదాన్నొకటి చీలుస్తున్నాయి. ఒకచోట 16, ఇంకోచోట 8 వచ్చిందంటే నువ్వు తప్పు గీతలు కొలిచావన్నమాట. చాలామంది ఇక్కడే దొర్లుతారు. 7.68 దగ్గరున్నది బెంజీన్ రింగుదే అనుకుని వదిలేస్తారు. 4.26 దగ్గరున్న క్వార్టెట్ కొలిచి, ‘7 హెర్ట్జ్, కాబట్టి సిస్’ అనేస్తారు. ఆ 7 ఇథైల్ గుంపుది, డబుల్ బాండ్‌తో దానికి సంబంధం లేదు.

ఇప్పుడు అసలు మెలిక. ఇదే ఎస్టర్ సిస్ రూపంలో డబుల్ బాండ్ ప్రోటాన్లు 6.95, 5.95 దగ్గర వస్తాయి, జె సుమారు 12.6. నువ్వు చెప్పిన లెక్క ప్రకారమైతే అది ట్రాన్స్ కావాలి! అందుకే హద్దులు వల్లె వేస్తే చాలదు. ట్రాన్స్‌లో రెండు ప్రోటాన్ల మధ్య కోణం 180 డిగ్రీలు, సిస్‌లో సున్నా. 180 దగ్గర కప్లింగ్ ఎక్కువ. కాబట్టి ఒకే పదార్థం రెండు రూపాలనూ పక్కపక్కన పెడితే ట్రాన్స్ జె పెద్దదిగా ఉంటుంది. రియాక్షన్ మిశ్రమంలో రెండూ కొంచెం కొంచెం ఉంటే ఇంకా మంచిది. 6.43 దగ్గర ఇంటిగ్రేషన్ 1.00, 5.95 దగ్గర 0.05 వచ్చిందంటే ట్రాన్స్, సిస్ దాదాపు 95:5 అని నిష్పత్తి కూడా చెప్పేయొచ్చు.

వినైల్ గుంపు అడిగితే స్టైరీన్‌ని గుర్తుపెట్టుకో. 6.72, 5.75, 5.24 దగ్గర ఒక్కో ప్రోటాన్. 6.72 దగ్గర నాలుగు గీతలు కనిపిస్తాయి, దాదాపు ఒకే ఎత్తులో. క్వార్టెట్ అనొద్దు. క్వార్టెట్ అయితే గీతలు సమాన దూరంలో, 1:3:3:1 ఎత్తుల్లో ఉండాలి. ఇది డబ్లెట్ ఆఫ్ డబ్లెట్స్. మొదటి గీత నుంచి రెండోదానికి 10.9 హెర్ట్జ్, మొదటిదాని నుంచి మూడోదానికి 17.6. ఆ 17.6 మళ్లీ 5.75 దగ్గర కనిపిస్తుంది కాబట్టి అది ట్రాన్స్‌గా ఉన్న ప్రోటాన్. 10.9 కనిపించే 5.24 సిస్‌ది. ఈ రెండూ ఒకే కార్బన్ మీదున్నాయి, వాటి మధ్య కప్లింగ్ 1 హెర్ట్జ్ మాత్రమే. గీత చివర చిన్న చీలికలా ఉంటుంది, షీటు చిన్నదిగా ప్రింటు చేస్తే అదీ కనపడదు.

డబుల్ బాండ్‌కి ఆక్సిజన్ తగిలితే ట్రాన్స్, సిస్ విలువలు రెండూ తగ్గుతాయి. వినైల్ అసిటేట్‌లో ట్రాన్స్ 14, సిస్ 6 చిల్లర. వరస మాత్రం అదే: ట్రాన్స్, సిస్, ఆ తర్వాత ఒకే కార్బన్ మీదివి.

కాస్త తెలివైన ఇంటర్వ్యూయర్ అయితే స్టిల్‌బీన్ షీటు ఇస్తాడు. డబుల్ బాండ్ మీద రెండు ప్రోటాన్లున్నా అవి ఒకేలాంటివి కాబట్టి ఒకే సింగ్లెట్ వస్తుంది, కొలవడానికి జె ఉండదు. అప్పుడు ‘జెతో తేలదు సార్, షిఫ్ట్ చూడాలి. ట్రాన్స్ 7.1 దగ్గర, సిస్ 6.6 దగ్గర వస్తాయి’ అని చెప్పు. డబుల్ బాండ్ మీద ఒకే ప్రోటాన్ మిగిలిన పదార్థమైతే ఎన్ఓఈ తీయాలని చెప్పు.